సాయంత్రం పాదానికి సరిపడే బూటు

మా అక్క కూతురి పెళ్లికి బావకు బూట్లు కొన్నది నేనే. నల్లవి, తళతళలాడేవి, ఏడో నంబరు. వీల్‌చైర్‌లో కూర్చునే మనిషికి బూట్లెందుకని ఇంట్లో ఒకరిద్దరు గొణిగారు. పెళ్లికూతురి తండ్రి హవాయి చెప్పులతో కూర్చుంటే బాగుండదని నేనే పట్టుబట్టాను.

బావది గీత వృత్తి. సూర్యాపేట పక్క పల్లె. ఏడేళ్ల కింద తాటిచెట్టు మీద మోకు జారి పడ్డాడు. వెన్నుపూస విరిగి నడుము కింద కదలికా పోయింది, స్పర్శా పోయింది. ఇప్పుడు ఇంటిముందు చిన్న కిరాణా కొట్టు చూసుకుంటాడు. పెళ్లినాడు పొద్దున ఆరింటికి నేనే కూర్చుని బూట్లు తొడిగాను, చక్కగా పట్టాయి. రాత్రి పదకొండింటికి విప్పబోతే ఊడిరావు. పాదం బూటు అంచుల మీదికి పొంగి, మీగాలి మీద లేసుల అచ్చులు లోతుగా పడ్డాయి. ఎలాగో లాగితే, కుడికాలి చిటికెన వేలు పక్కవేలి కిందికి మడతపడి కనిపించింది. దాని పక్కన రూపాయి బిళ్లంత మేర చర్మం నల్లబడింది. పదిహేడు గంటలు ఆ వేలు అలాగే నలిగింది.

"నొప్పైతే చెప్పేటోణ్ని గద తమ్మీ" అన్నాడు బావ.

ఆ మచ్చ పుండైంది. మానడానికి నాలుగు నెలలు పట్టింది. నా తప్పేమిటో అర్థం చేసుకోవడానికి నాకూ దాదాపు అంతే పట్టింది. దాన్ని దిద్దుకునే క్రమంలో ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరా, మండలకేంద్రం బస్టాండులో చెప్పులు కుట్టే ఆయన దగ్గరా నేర్చుకున్నదే ఇదంతా.

ముందు వాపు సంగతి. గుండె పైనుంచి తోసిన రక్తం పాదాల దాకా సులువుగానే దిగుతుంది. తిరిగి పైకెక్కడానికి మాత్రం పిక్క కండరాల సాయం కావాలి. మనం అడుగు వేసిన ప్రతిసారీ పిక్క బిగుసుకుని లోపలి సిరల్ని పిండుతుంది. సిరల్లోని కవాటాలు ఆ రక్తాన్ని వెనక్కి జారనివ్వవు. చేతిపంపు కొట్టినట్టన్నమాట. కాళ్లు చచ్చుబడితే ఆ పంపు ఆగిపోతుంది. పైగా వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లలో గాయం కిందిభాగాన రక్తనాళాల బిగువు కూడా సడలుతుంది. రక్తం కింద నిలిచి, అందులోని నీరు కొద్దికొద్దిగా చుట్టూ ఉన్న కండలోకి ఊరుతుంది. రాత్రి పడుకుంటే కాళ్లూ గుండే ఒకే మట్టానికి వచ్చి ఆ నీరు చాలావరకు వెనక్కి లాగేస్తుంది. అందుకే తెల్లారి పాదం వేరు, సాయంత్రం పాదం వేరు. నేను కొన్నది తెల్లారి పాదానికి.

రెండోది నొప్పి తెలియకపోవడం. మనకు బూటు బిగుతైతే పది నిమిషాల్లో కాలు మొరాయిస్తుంది. వేలు మడతపడితే అడుగు కూడా వేయలేం. బావకు ఆ కబురు చేరదు. అసలు ఒళ్లంతా స్పర్శ ఉన్నవాళ్లు కూడా, అంటే వృద్ధాప్యం వల్లో కండరాల జబ్బు వల్లో వీల్‌చైర్‌కు వచ్చినవాళ్లు, వాపుతో బాధపడతారు. కానీ వాళ్లకు బూటు బిగిస్తే నోరుంది, చెబుతారు. స్పర్శ లేనివాళ్లకు బూటు తొడిగే చేతులూ చూసే కళ్లే ఆ పని చేయాలి. ఛాతీలోని ఆరో వెన్నుపూస దగ్గరగానీ అంతకంటే పైన మెడలోగానీ దెబ్బ తగిలినవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. బిగుతు బూటు, మడతపడిన వేలు, లోపలికి పెరిగిన గోరు లాంటివి వాళ్లకు నొప్పిగా తెలియకపోయినా శరీరం లోలోపల కంగారుపడుతుంది. బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది, తల పగిలిపోతున్నట్టుంటుంది, ముఖం ఎర్రబడి చెమటలు పడతాయి. అలాంటప్పుడు మనిషిని నిటారుగా కూర్చోబెట్టి, ఒంటిమీద బిగుతుగా ఉన్నవన్నీ వదులు చేయాలి, బూట్లతో సహా. మూత్రం గొట్టం మెలిపడిందేమో చూడాలి. తగ్గకపోతే ఆస్పత్రికి పరుగెత్తాలి.

పుండు మానాక కొత్త బూట్ల మాట వచ్చినప్పుడు నా మొదటి ఆలోచన అందరికీ వచ్చేదే, ఒక నంబరు పెద్దది కొందామని. ఫిజియోథెరపిస్టు కూడా వెన్నుపాము గాయమున్నవాళ్లు ఒకటి, ఒకటిన్నర నంబరు పెద్దది వేసుకోవడం మామూలేనని చెప్పారు. అయితే కొనేముందు టేపుతో కొలవమన్నారు. దర్జీ టేపు తెచ్చి పొద్దున ఏడింటికి ఒకసారి, సాయంత్రం ఏడింటికి ఒకసారి కొలిచాం. మడమ నుంచి బొటనవేలి దాకా పొడవు పొద్దున 25.5 సెంటీమీటర్లు. సాయంత్రం చూస్తే మూడు మిల్లీమీటర్లు కూడా పెరగలేదు. వేళ్ల మొదళ్ల చుట్టూ మాత్రం 24 ఉన్నది 25.5 అయింది. మీగాలి మీంచి మడమ వెనక్కి చుట్టి కొలిస్తే 33 కాస్తా 35 అయింది. పాదం పొడుగు కాలేదు, లావైంది.

ఇక్కడే నంబరు మోసం చేస్తుంది. మన దుకాణాల్లో అమ్మే నంబర్లు ఇంగ్లండు కొలతవి. ఒక నంబరుకీ మరో నంబరుకీ తేడా అంగుళంలో మూడోవంతు, అంటే ఎనిమిదిన్నర మిల్లీమీటర్ల పొడవు. చుట్టుకొలతలో పెరిగేది సుమారు ఆరు మిల్లీమీటర్లే. బావ పాదానికి చుట్టూ పదిహేను నుంచి ఇరవై మిల్లీమీటర్ల జాగా కావాలి. దాన్ని నంబరు పెంచి తెచ్చుకోవాలంటే ఏడు కాస్తా పది కావాలి. అప్పుడు ముందు అంగుళం ఖాళీ డొల్ల వేలాడుతుంది. ఫుట్‌రెస్ట్ దాటి బయటికొచ్చిన ఆ ముక్కు ప్రతి గడపకూ, ప్రతి తలుపు మూలకూ తగులుతుంది. కుర్చీ తిప్పినప్పుడు ముందు చిన్న చక్రాలు బూటు మడమను ఒరుసుకుంటాయి. బావ ఎముకలు ఏడేళ్లుగా బరువు మోయక బోలుబారాయి. గట్టి గుద్దు తగిలితే విరగొచ్చు, విరిగినా ఆయనకు తెలియకపోవచ్చు. కాబట్టి పొడవులో ఒక నంబరుకు మించి పెంచకూడదని తేల్చుకున్నాం. మిగతా జాగా బూటు లోతులోంచీ నోట్లోంచీ రావాలి.

నోరంటే బూటు తెరుచుకునే చోటు. మామూలు లేసుల బూటు మీగాలి సగం దాకానే తెరుచుకుంటుంది. నడిచేవాడు వేళ్లను ముందుకు చాచి, మడమను గట్టిగా నొక్కి లోపలికి దూరుతాడు. చచ్చుబడిన పాదం ముందుకు వాలిపోయి ఉంటుంది, వేళ్లు లోపలికి ముడుచుకుంటాయి. తొడిగేవాళ్లు ఆ పాదాన్ని ఇరుకు సందులోకి తోస్తారు. వేళ్లు మడతపడేది సరిగ్గా ఆ చీకట్లోనే. నేను పెళ్లిరోజు చేసిన పనీ అదే. పాదాన్ని తోయక్కర్లేకుండా పైనుంచి దించి పెట్టగలిగే బూటు కావాలి.

ఈ చిక్కును అమెరికాలో ఒకాయన తన కాళ్ల మీదే పరిష్కరించుకున్నాడు. బిల్లీ ప్రైస్ 1996లో, పద్దెనిమిదేళ్ల వయసులో కిటికీలోంచి పడి ఛాతీ కింద చచ్చుబడ్డాడు, వేళ్లలోనూ పట్టు పోయింది. మిగతా బట్టలన్నీ సొంతంగా వేసుకోవడం నేర్చుకున్నా బూట్లు మాత్రం లొంగలేదు. తర్వాత మిత్రుడితో కలిసి ఆయన తయారుచేసిన బూటుకు జిప్పు ఒక పక్కన మొదలై, ముందు వేళ్ల చుట్టూ తిరిగి వస్తుంది. జిప్పు తీస్తే పైభాగం మొత్తం పెట్టె మూతలా పక్కకు ఒరుగుతుంది. పాదాన్ని అట్ట మీద పెట్టి, వేళ్లు సరిచేసి, మూత మూసేయడమే. నైకీ కంపెనీ కథ కూడా దీనికి దగ్గరిదే. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పదహారేళ్ల కుర్రాడు మాథ్యూ వాల్జర్ లేసులు కట్టుకోలేక 2012లో ఆ కంపెనీకి బహిరంగ లేఖ రాశాడు. 2015లో వాళ్లు మడమ వైపు జిప్పుతో తెరుచుకునే బాస్కెట్‌బాల్ బూటు తెచ్చారు. అమెరికాలో పిల్లలున్నవాళ్లు ఇలాంటివి తెప్పించుకోవచ్చు. తెప్పించుకునేవాళ్లు ముందు చూడాల్సింది ఒకటే, జిప్పు పళ్లకూ కాలికీ మధ్య మెత్తటి పట్టీ ఉందో లేదో. పళ్లు నేరుగా చర్మానికి ఆనితే ఆ సుఖం కంటే పుండే ముందొస్తుంది.

మాకు ఆ దారి లేదు. బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే ఆయన చేతిలో ఎనిమిదో నంబరు తెల్ల కాన్వాసు బూట్లు పెట్టాం. బడిపిల్లలు డ్రిల్లుకు వేసుకునే రకం, కాస్త వెడల్పువి. ఆయన రెండు నిమిషాలు తిప్పి చూసి, "దీని నోరు ముక్కు దాక కొయ్యాలె" అన్నాడు. సరిగ్గా అదే కావాలి. లేసు కన్నాల వరస అయిపోయిన చోటు నుంచి వేళ్ల కొస దాకా పైగుడ్డను నిలువుగా చీల్చాడు. కోసిన అంచుల్ని మెత్తటి తోలుతో బయటివైపుకు మడిచి కుట్టాడు. లోపలివైపు ఒక్క కుట్టు ముడి కూడా తేలకూడదని ముందే బతిమాలుకున్నాను. నాలుకను ముక్కుదాకా పొడిగించి మెత్తటి ఫోమ్ పెట్టాడు. లేసులు తీసేసి, అడ్డంగా మూడు వెల్క్రో పట్టీలు వేశాడు.

ఆ పట్టీల పొడవులోనే కిటుకంతా ఉంది. మామూలు బూట్లకు వచ్చే వెల్క్రో సాయంత్రానికి కొస మీద వేలాడుతూ ఊడిపోతుంది. మేం ఒక్కో పట్టీ మూడు సెంటీమీటర్లు ఎక్కువ పెట్టించాం. పొద్దున లోపలిగా అతుక్కున్నది సాయంత్రం రెండు సెంటీమీటర్లు వెనక్కి జరిగినా ఇంకా పట్టు ఉంటుంది. కొసకు వేలు దూరేంత ఉంగరం కూడా కుట్టించాం. బావ చేతులు గట్టివే కాబట్టి ఆయనకు దాని అవసరం లేదు, మెడ దగ్గర దెబ్బ తగిలి వేళ్లు పనిచేయనివాళ్లకు అది లేకపోతే కుదరదు. మడమ వెనక పైన ఒక గుడ్డ ఉచ్చు కూడా వేస్తే బూటును పైకి లాగడానికి పట్టు దొరుకుతుంది. వెల్క్రోలో దారాలూ దుమ్మూ చిక్కుకుంటే పట్టు పోతుంది. పాత టూత్‌బ్రష్‌తో వారానికోసారి గీకితే చాలు.

లోతుకు ఇంకా సులువైన ఉపాయం ఉంది. లోపల పరిచే అట్ట ఊడొచ్చేది కావాలి. నాలుగు మిల్లీమీటర్ల అట్ట వేసుకుని పొద్దున తొడిగి, మధ్యాహ్నం దాన్ని తీసేస్తే పాదానికి రెండు పక్కలా నాలుగేసి మిల్లీమీటర్లు, అంటే చుట్టుకొలతలో ఎనిమిది దాకా దొరికినట్టే. ఈ అట్టే కొలబద్ద కూడా. దుకాణంలో దాన్ని బయటికి తీసి సాయంత్రం పాదాన్ని దాని మీద ఆనించి చూడండి. పాదం అట్ట అంచుల మీంచి బయటికి పొర్లుతుంటే ఆ బూటు మీది కాదు. వేళ్ల ముందు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి.

షుగర్ రోగుల కోసం ఎం.సి.ఆర్. చెప్పులు అమ్ముతుంటారు కదా, అవి సరిపోవా అని చాలామంది అడుగుతారు. నేనూ అడిగాను. ఆ మెత్తటి రబ్బరు పాదరక్షలకు మన దేశంలో పెద్ద చరిత్రే ఉంది. వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్, ఆయన సహచరులు స్పర్శ పోయిన కుష్ఠురోగుల పాదాల మీద చేసిన పనిలోంచి వచ్చిన ఆలోచన అది. స్పర్శలేని పాదంతో నడుస్తుంటే అరికాల్లో ఒకేచోట పడే ఒత్తిడిని ఆ రబ్బరు పంచుతుంది. కూర్చునేవాళ్ల పాదం మీద ఒంటి బరువు పడదు. వాళ్లకు దెబ్బ తగిలేది పైనుంచీ పక్కల నుంచీ, మడమ వెనక నుంచీ. కాబట్టి ఇంట్లో, నున్నటి నేల మీద వెనక పట్టీ ఉన్న ఎం.సి.ఆర్. చెప్పులు హాయే. పట్టీలు వదులు చేసుకోవచ్చు, గాలి ఆడుతుంది. బయటికి మాత్రం వేళ్లు మూసి ఉండాలి. ఫుట్‌రెస్ట్ మీంచి కాలు జారి నేల మీద ఈడ్చుకుపోయినా తెలియని మనిషికి వేళ్ల ముందు గట్టి గోడ కావాలి. హవాయి చెప్పులైతే మొదటి గతుకులోనే జారిపోతాయి. ఆపైన మన మే నెల. ఎండలో నిలబెట్టిన కుర్చీ ఇనుప ఫుట్‌రెస్ట్ మీద వట్టి పాదం పెడితే బొబ్బలెక్కుతుంది. పక్కచక్రాలు బిగించుకుని స్కూటర్ నడిపేవాళ్లకు ఇంజన్ పక్కన ఆనిన కాలు సంగతీ అంతే.

అడుగుభాగం గురించి నాకు ఎవరూ చెప్పని ముక్క ఒకటుంది. పాత చెప్పుల మందం ఒక సెంటీమీటరు, కొత్త బూటుది మూడు అనుకుందాం. మోకాళ్లు రెండు సెంటీమీటర్లు పైకి లేస్తాయి. తొడలు దిండు మీద ఆనడం తగ్గి, బరువంతా పిరుదుల కింది ఎముకల మీదికి పోతుంది. పాదాలను కాపాడబోయి అక్కడ పుండు తెచ్చుకున్నట్టవుతుంది. బావకు బూట్లు మార్చిన రోజే పానాతో ఫుట్‌రెస్ట్ నట్లు వదులు చేసి, పెరిగిన మందమంతా కిందికి దించాం. తొడ కింద అరచెయ్యి అంచుదాకా ఆనుతోందో లేదో చూసుకున్నాం. దించేటప్పుడు నేలకూ ఫుట్‌రెస్ట్‌కూ మధ్య ఐదు సెంటీమీటర్లైనా మిగలాలి, లేకపోతే గతుకుల్లో తట్టుకుంటుంది. అందుకే సోల్ పలచగా, బల్లపరుపుగా, తేలిగ్గా ఉంటేనే మేలు. జారనంత గరుకు చాలు. మరీ పట్టేసే రబ్బరైతే కుర్చీలోంచి మంచానికి మారేటప్పుడు పాదం నేలకు అతుక్కుని, ఒళ్లు తిరిగినా కాలు తిరగక చీలమండ మెలిపడుతుంది.

ఇక తొడగడం. బావ ఇప్పుడు తనే తొడుక్కుంటాడు. కుడికాలిని చేత్తో ఎత్తి ఎడమ మోకాలి మీద అడ్డంగా వేసుకుంటాడు. కాలివేళ్ల సందులు పొడిగుడ్డతో తుడుస్తాడు. నూలు మేజోళ్లు తిరగేసి తొడుగుతాడు, కుట్టు బయటికి వస్తుందని. పై అంచు రబ్బరు పిక్కను కోసేలా బిగిస్తే అవి పనికిరావు. బూటును చేత్తో బోర్లించి దులిపి, లోపల వేళ్లతో తడుముతాడు. ఒకసారి దుకాణంలోని శనగగింజ దొరికింది. మూడు పట్టీలూ పూర్తిగా విప్పి, నాలుకను ముందుకు మడిచి, వేళ్లు పెట్టి, ఒక్కో వేలూ చాపి ఉందో లేదో చూపుడువేలితో తడిమాకే నాలుక మూస్తాడు. పాదం నేలకు ఆనించి మోకాలి మీద నెమ్మదిగా నొక్కితే మడమ వెనక్కి కూర్చుంటుంది. ముందు మీగాలి పట్టీ వేస్తాడు, వేళ్ల వైపుది చివరికి. పట్టీ కింద ఒక వేలు దూరాలి.

కొత్త బూటును మొదటి రోజే పెళ్లికి తీసుకెళ్లకూడదని ఇప్పుడు నాకు తెలుసు. మొదట ఇరవై నిమిషాలు, విప్పి చూడాలి. బాగుంటే మర్నాడు నలభై, తర్వాత గంట, అలా పెంచుకుంటూ పోవాలి. చూడాల్సిన చోట్లు మడమ వెనక, రెండు చీలమండలు, చిటికెన వేలి మొదలు, వేళ్ల పైకణుపులు, గోళ్ల మూలలు. మడమకు అక్క పెట్టెలోని చేతి అద్దం పనికొచ్చింది. తెల్లటి ఒంటి మీద ఎరుపు కనబడుతుంది, మన రంగులో అది తేలదు. చుట్టూ ఉన్న చర్మం కంటే నల్లగా ఉందా, వెచ్చగా ఉందా, గట్టిబడిందా లేక మరీ మెత్తబడిందా అని తడిమి చూడాలి. బూటు తీసిన అరగంటకూ ఆ గుర్తు పోకపోతే, అది మాయమయ్యేదాకా ఆ బూటు ముట్టుకోకూడదు. చర్మం లేచినా, బొబ్బ వచ్చినా డాక్టరుకు చూపించాలి.

బూటు తీర్చలేని వాపు కూడా ఉంది. రెండు కాళ్లూ సాయంత్రానికి సమానంగా వాచి, తెల్లారేసరికి తగ్గితే అది రోజూ ఉండేదే. ఒక కాలే ఉన్నట్టుండి వాచి వెచ్చబడితే లోపల సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, తెలియకుండా ఎముకే విరిగి ఉండొచ్చు. పిసకకుండా, నూనె రాయకుండా ఆరోజే ఆస్పత్రికి వెళ్లాలి. తెల్లారినా దిగని వాపుకు గుండె, మూత్రపిండాలు చూపించుకోవాలి. బిగుతు సాక్సులు కూడా సొంతంగా కొని తొడిగేవి కావు. కాళ్లకు రక్తం సరిగా అందనివాళ్లకు అవే హాని చేస్తాయి. బావ మధ్యాహ్నం కొట్టు మూశాక అరగంట పడుకుని కాళ్ల కింద రెండు దిండ్లు పెట్టుకుంటాడు. కుర్చీలోనే కాళ్లు ముందుకు చాపుకుంటే ఆ ఫలం రాదు, పాదం గుండె మట్టానికి రాదు గనక.

ఆ కాన్వాసు బూట్లకు ఇప్పుడు రెండేళ్లు. సోల్ మీద గీతలు కొత్తవిలాగే ఉన్నాయి, నడిస్తేగా అరగడానికి. మొన్న పండక్కి వెళ్లినప్పుడు అట్ట తీసి చూస్తే లోపలి గుడ్డ మడమ దగ్గర చిరిగి, కింది గట్టి అంచు చిన్న మేకులా పైకి తేలింది. బయటి నుంచి చూస్తే ఇంకో ఐదేళ్లు వస్తాయనిపిస్తుంది. బావను అడిగితే, పైకి మంచిగనే ఉన్నయి గదా అన్నాడు. సాయంత్రం ఏడయ్యాక టేపు తీసుకుని బావ కాలు మళ్లీ కొలిచి, ఆ కాగితం జేబులో పెట్టుకుని బస్టాండుకు బయల్దేరాను.